వందకు మార్చిన మార్కులు: రిజిస్టరు రాసే ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో మార్కుల రిజిస్టరు రాసే తోటి ఉపాధ్యాయులకు, పరీక్షల ఇన్‌ఛార్జిలకు, హెడ్మాస్టర్లకు నమస్కారం.

నేను లెక్కల టీచర్ని. హాఫ్ ఇయర్లీ పేపర్లు పంచిన రోజు నుంచి పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "టీచర్, మొత్తం మీద 60 రావాలంటే యాన్యువల్‌లో ఎన్ని తెచ్చుకోవాలి?" ఏడో తరగతి పిల్లవాడు కూడా కట్టగలిగిన లెక్క ఇది. కానీ జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. 20కి పెట్టిన స్లిప్ టెస్టు, 25కి పెట్టిన యూనిట్ టెస్టు, 50కి పెట్టిన హాఫ్ ఇయర్లీ, 80కి పెట్టే యాన్యువల్, ఈ నాలుగింటినీ మన రిజిస్టరులో ఎలా కలుపుతాం? చాలా బడుల్లో ఇది ఎక్కడా రాసి ఉండదు. ఎక్సెల్ షీటు ఎవరు తయారుచేస్తే వాళ్ల అలవాటే రూలు అయిపోతుంది. మరుసటి ఏడాది ఇంకొకరు చేస్తే రూలు మారిపోతుంది, అదీ ఎవరికీ తెలియకుండా.

ఎక్కువమంది చేసే పని నాలుగింటినీ వందకు మార్చి, కూడి, నాలుగుతో భాగించడం. చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. అన్నీ వందకే కదా, అన్నీ సమానమే కదా అనిపిస్తుంది. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఆ సమానత్వం పిల్లలకు ఏం చేస్తుందో ఒక లెక్క చేసి చూపిస్తాను.

ఒక అమ్మాయికి స్లిప్ టెస్టులో 20కి 9, యూనిట్ టెస్టులో 25కి 13, హాఫ్ ఇయర్లీలో 50కి 29 వచ్చాయనుకోండి. వందకు మారిస్తే వరుసగా 45, 52, 58. మెల్లగా మెరుగుపడుతున్న పిల్ల. ఈ మూడూ కలిపితే 155. నాలుగింటి సగటు 60 కావాలంటే మొత్తం 240 ఉండాలి, అంటే యాన్యువల్‌లో వందకు 85 రావాలి. 80 మార్కుల పేపరులో అది 68. ఇప్పటిదాకా 58 శాతం దాటని పిల్లకు మనం ఒక్కసారిగా 85 శాతం తెమ్మంటున్నాం.

అవే మార్కులను వందకు మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు కూడి చూడండి. నాలుగు పరీక్షల మొత్తం 175. అందులో 60 శాతం 105. అమ్మాయికి ఇప్పటికి 9, 13, 29 కలిపి 51 ఉన్నాయి. కాబట్టి కావలసినవి 54. పిల్ల అదే, రాసిన పేపర్లు అవే, చేరాల్సిన గీత అదే 60. ఒక పద్ధతిలో 68 కావాలి, ఇంకో పద్ధతిలో 54 చాలు. మధ్యలో 14 మార్కుల తేడా ఉంది. ఆ 14 మార్కులు పిల్ల చదువులోంచి వచ్చినవి కావు, మనం వాడిన ఫార్ములాలోంచి వచ్చినవి.

ఇంకొక అబ్బాయిని తీసుకుందాం. స్లిప్ టెస్టులో 18, యూనిట్ టెస్టులో 20, హాఫ్ ఇయర్లీలో 33. వందకు మారిస్తే 90, 80, 66. ఈ పిల్లవాడు ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. సిలబస్ పెరిగే కొద్దీ వెనకబడుతున్నాడని ఏ టీచరైనా చెప్పగలరు. కానీ ఈ మూడూ కలిపితే 236. సగటు 60 కావడానికి యాన్యువల్ నుంచి వందకు 4 పాయింట్లు చాలు. 80కి అది 3.2, అంటే 4 మార్కులు. యాన్యువల్‌లో 80కి 4 తెచ్చుకున్నా ప్రోగ్రెస్ కార్డులో 60 పడుతుంది. ఉన్నవి ఉన్నట్టు కూడితే ఇతనికి కావలసినవి 34.

మళ్లీ మొదటి అమ్మాయి దగ్గరికి వస్తే, ఆమె ఎంతో కష్టపడి యాన్యువల్‌లో 67 తెచ్చుకుందనుకోండి. మొత్తం 175కి 118, అంటే 67 శాతం పైనే. కానీ వందకు మార్చిన సగటు 59.69. కార్డు మీద ఆమె 60 దాటలేదు, 4 మార్కుల అబ్బాయి దాటాడు. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి తల్లిదండ్రులకు ఎలా నచ్చజెప్పగలం?

ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. 20 మార్కుల పరీక్షను వందకు మారిస్తే ఒక్కో మార్కు 5 పాయింట్లవుతుంది. 80 మార్కుల పరీక్షను మారిస్తే ఒక్కో మార్కు 1.25 పాయింట్లు మాత్రమే. ఆ తర్వాత అన్నింటినీ ఒకే నాలుగుతో భాగిస్తున్నాం. కాబట్టి స్లిప్ టెస్టులో పోయిన ఒక్క మార్కును పూడ్చాలంటే యాన్యువల్‌లో 4 మార్కులు అదనంగా తేవాలి. స్లిప్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్న ఒకటి మర్చిపోతే యాన్యువల్‌లో 8 మార్కుల బరువు నెత్తిన పడుతుంది. ఒక పీరియడ్‌లో, ఒకటి రెండు పాఠాల మీద పెట్టిన పరీక్షకు ఏడాది సిలబస్ మీద పెట్టిన పరీక్షతో సమానమైన వాటా ఇచ్చాం మరి. అలా ఇవ్వాలని స్టాఫ్ మీటింగులో ఎవరూ తీర్మానించలేదు. భాగించే అంకెలో అది దానంతటదే వచ్చి కూర్చుంది.

చిన్న పరీక్షలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 20కి పెట్టిన పరీక్షలో అర మార్కులు వేయకపోతే వందకు మార్చాక వచ్చేవి 45, 50, 55 లాంటి అంకెలే. 47 రాదు, 52 రాదు. పిల్లల మధ్య ఉన్న చిన్న తేడాను చూపించే శక్తి ఆ పరీక్షకు లేదు. వందకు మార్చినంత మాత్రాన ఆ శక్తి రాదు. అలాగే పేపరు కఠినంగా వస్తే వందకు మార్చినా అది కఠినంగానే ఉంటుంది. 9/20ని 45/100 అని రాయడంలో కొలబద్ద మారిందే తప్ప కొలిచిన సంగతి మారలేదు.

వందకు మార్చడమే తప్పని నేను అనడం లేదు. 25కి 13 బాగుందా, 50కి 29 బాగుందా అని ఒక తల్లి అడిగితే 52, 58 అని చెప్పడమే సరైన జవాబు. ఒక పరీక్షను ఇంకో పరీక్షతో పోల్చి చూడటానికి అది మంచి సాధనం. పోల్చడానికి వాడిన అంకెలను తీసుకెళ్లి నేరుగా సగటు కట్టడం దగ్గరే చిక్కు వస్తోంది.

అలాగని ఉన్నవి ఉన్నట్టు కూడటం మచ్చలేని పద్ధతని కూడా అనలేను. యూనిట్ టెస్టు 25కి బదులు 50కి పెడితే దాని వాటా పెరిగిపోతుంది. పేపరు 25కి పెట్టాలా, 50కి పెట్టాలా అన్నది చాలాసార్లు పీరియడ్ ఎంతసేపు ఉందన్న దాన్నిబట్టి తేలిపోతుంది. పరీక్ష ఎంత ముఖ్యమో అలా నిర్ణయించకూడదు కదా. ఏదో ఒక వాటా ఎలాగూ పడుతుంది కాబట్టి, దాన్ని మనమే ఆలోచించి, నోటితో చెప్పి, కాగితం మీద పెట్టాలన్నది నా మాట.

ఉదాహరణకు స్లిప్ టెస్టుకు 10, యూనిట్ టెస్టుకు 10, హాఫ్ ఇయర్లీకి 30, యాన్యువల్‌కు 50 అని వెయిటేజీ అనుకుందాం. కలిపితే 100. ఇవే అంకెలు ఉండాలని కాదు, మీ బడికి ఏది సరిపోతే అది పెట్టుకోండి. అప్పుడు రిజిస్టరులో B, C, D, E కాలమ్స్‌లో అసలు మార్కులు ఉంచి ఇలా రాస్తే చాలు:

```
=B2/20*10 + C2/25*10 + D2/50*30 + E2/80*50
```

మన అమ్మాయికి మొదటి మూడింటి నుంచి 4.5, 5.2, 17.4 వస్తాయి. కలిపితే 27.1. అరవైకి ఇంకా 32.9 కావాలి. యాన్యువల్ వాటా 50 కాబట్టి 80 × 32.9 ÷ 50 = 52.64. మార్కుల్లో 52.64 ఉండదు, 52 తెస్తే 60 అందదు, కాబట్టి జవాబు 53. కావలసిన మార్కును లెక్కకట్టేటప్పుడు ఎప్పుడూ పైకే తీసుకోవాలి. 52.1 వచ్చినా 53 అనే చెప్పాలి. ఇక్కడ మామూలుగా రౌండ్ చేసి 52 అని చెప్పినవాళ్లను నేను చూశాను. పిల్ల సరిగ్గా 52 తెచ్చుకుని ఆగిపోతే ఆ తప్పు మనదే అవుతుంది. రెండో అబ్బాయికి ఇదే లెక్కలో 9, 8, 19.8 కలిపి 36.8 ఉన్నాయి, కావలసినవి 37.12, అంటే 38. దిగుతున్న పిల్లవాడికి దిగుతున్నావని చెప్పే అంకె ఇది.

మొదటి మూడింటి మొత్తం F2లో ఉంచుకుంటే కావలసిన మార్కు ఇలా వస్తుంది:

```
=ROUNDUP(ROUND(80*(60-F2)/50,4),0)
```

లోపల ఆ ROUND ఎందుకంటే, కంప్యూటర్ దశాంశాలను దాచుకునే తీరు వల్ల సరిగ్గా 48 రావాల్సిన చోట ఒక్కోసారి ఎక్కడో చివరి స్థానంలో చిన్న తోక మిగులుతుంది. అప్పుడు ROUNDUP దాన్ని 49 చేసే ప్రమాదం ఉంది. జవాబు 80 దాటితే ఆ లక్ష్యం ఇక అందదని అర్థం. సున్నా గానీ, సున్నాకన్నా తక్కువ గానీ వస్తే లక్ష్యం ఇప్పటికే అందింది. కానీ యాన్యువల్‌లో విడిగా 35 శాతం రావాలనే నియమం మీ బడిలో ఉంటే 80కి 28 తప్పనిసరి. అప్పుడు ఈ జవాబు, 28, రెండింటిలో ఏది పెద్దదైతే అది పిల్లకు చెప్పాలి.

ఇక రౌండింగ్ సంగతి. ఇది చిన్న విషయమని కొట్టిపారేస్తారు గానీ, మన అమ్మాయికే మళ్లీ వందకు మార్చిన సగటు పద్ధతిలో చూడండి. ఎక్కడా రౌండ్ చేయకపోతే ఆమెకు 68 కావాలి. చివరి సగటును మాత్రమే రౌండ్ చేస్తే 67 చాలు, ఎందుకంటే 59.69 కార్డులో 60 అవుతుంది. ఒక్కో పరీక్షనూ వందకు మార్చగానే రౌండ్ చేసి, సగటు కట్టాక మళ్లీ రౌండ్ చేస్తే 66కే సరిపోతుంది. 66/80 అంటే 82.5, దాన్ని 83 చేస్తాం. 155కి 83 కలిపితే 238, నాలుగో వంతు 59.5, దాన్ని 60 చేస్తాం. అదే 66ను మధ్యలో రౌండ్ చేయకుండా తీసుకెళితే 59.375, కార్డులో 59. పక్కపక్క సెక్షన్లలో ఇద్దరు టీచర్లు ఈ రెండు రకాలుగా చేస్తే, ఒకే మార్కులున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి 60, ఇంకొకరికి 59 పడుతుంది. చివర ఒక్కసారే రౌండ్ చేయాలి, అదీ అందరూ ఒకే తీరుగా చేయాలి. రౌండ్ చేస్తామని ముందే చెబితే 60 గీత నిజానికి 59.5 దగ్గర ఉందని పిల్లలకు కూడా తెలుస్తుంది. అప్పుడు పై ఫార్ములాలో 60 బదులు 59.5 వాడాలి.

జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఏళ్ల తరబడి నడిచిన ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం లెక్కలో ఇంగ్లిష్, రెండో భాష వంద చొప్పున, మ్యాథ్స్ 1ఏ, 1బీ 75 చొప్పున, ఫిజిక్స్, కెమిస్ట్రీ 60 చొప్పున, అన్నీ కలిపి 470. 75 మార్కుల పేపరుకు పాస్ మార్కు 26. నిజానికి 35 శాతం అంటే 26.25, బోర్డు దాన్ని 26గా తీసుకుంది. అలాంటి పేపరుకు కాలేజీలో ప్రీ ఫైనల్ మార్కులను వందకు మార్చి రాస్తే 26 కాస్తా 34.67 అవుతుంది. రిజిస్టరులో 35 దగ్గర గీత గీసుకుంటే ఆ పిల్లవాడు ఫెయిల్ జాబితాలో చేరతాడు. వందకు 35 రావాలంటే 75కి 27 కావాలి మరి. దశాంశాలు కత్తిరించి 34 అని రాసే చోట పరిస్థితి ఇంకా ఘోరం, ఎందుకంటే చూసేవాళ్లకు అది గీతకు దగ్గరగా ఉన్నట్టు కూడా అనిపించదు. బోర్డు లెక్కలో పాసైన పిల్లవాడి ఇంటికి ఫోన్ చేసి "మీవాడు మ్యాథ్స్ పోగొట్టుకున్నాడు" అని చెబితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎంత టెన్షన్ ఉంటుందో మీకు తెలుసు. పాస్, ఫెయిల్ ఎప్పుడూ అసలు మార్కుల మీదే చూడాలి, వందకు మార్చిన వాటి మీద కాదు. అదే రిజిస్టరులో ఆరు సబ్జెక్టులనూ వందకు మార్చి సగటుతో ర్యాంకులు వేస్తే, ఫిజిక్స్‌లో ఒక మార్కు ఇంగ్లిష్‌లో ఒక మార్కుకన్నా ఎక్కువ బరువు తూగుతుంది. ఆ లెక్కలో బోర్డు మాత్రం 470లో ప్రతి మార్కునూ ఒకేలా లెక్కపెట్టేది. కాబట్టి ఆ ర్యాంకు చూసి బోర్డు మొత్తం ఎంత వస్తుందో ఊహించుకోకూడదు.

అన్నింటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆబ్సెంట్. స్లిప్ టెస్టు రోజు జ్వరంతో రాని పిల్లకు రిజిస్టరులో "AB" అని రాయకుండా సున్నా వేస్తే ఏమవుతుందో మన అమ్మాయితోనే చూద్దాం. యూనిట్ టెస్టు 52, హాఫ్ ఇయర్లీ 58, స్లిప్ టెస్టు 0. మొత్తం 110. యాన్యువల్‌లో 80కి 80 తెచ్చుకున్నా 210, సగటు 52.5. ఒక్క రోజు జ్వరం వల్ల, ఏడాది ఇంకా సగం మిగిలి ఉండగానే, ఆ పిల్లకు 60 అనే అవకాశం మూసుకుపోయింది. ఎవరూ ఆమెకు ఈ మాట చెప్పరు. ఆమె చదువుతూనే ఉంటుంది. ఇంతకన్నా అన్యాయం మార్కుల లెక్కలో నాకు కనిపించలేదు.

సరైన కారణం ఉన్న ఆబ్సెంట్ అయితే మళ్లీ పరీక్ష పెట్టడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే ఆ పరీక్షను లెక్కలోంచే తీసేసి మిగిలిన వెయిటేజీల మీద లెక్క కట్టాలి. 10, 30, 50 కలిపితే 90. అందులో 60 శాతం 54. అమ్మాయికి 5.2, 17.4 కలిపి 22.6 ఉన్నాయి. ఇంకా 31.4 కావాలి, 80 మార్కుల పేపరులో అది 50.24, అంటే 51. అందుకే ఖాళీ గడిని సున్నాగా చదివే ఫార్ములా షీటులో ఉండకూడదు. ఎక్సెల్‌లో ఖాళీ గడిని భాగించినా, గుణించినా సున్నాగానే తీసుకుంటుంది, ఎర్రర్ చూపించదు. "AB" అని అక్షరాలు రాస్తే పై ఫార్ములా #VALUE! అని చూపిస్తుంది. చాలామంది దాన్ని చూసి కంగారుపడి సున్నా కొట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. అక్కడ ఆగి ఆలోచించమని షీటు మనకు చెబుతోంది.

ఇలాంటిదే ఇంకొకటి, తప్పు ప్రశ్న. 20 మార్కుల పేపరులో రెండు మార్కుల ప్రశ్న తప్పని తేలి తీసేస్తే ఆ పరీక్ష ఇక 18కే. 9/18 అంటే 50, 9/20 అంటే 45. ప్రశ్న తీసేసి, భాగించేది మాత్రం 20తోనే ఉంచితే క్లాసులో అందరికీ అన్యాయం జరుగుతుంది, అందరికీ జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. జూన్‌లో బడి తెరిచాక మొదటి స్టాఫ్ మీటింగులోనే ఏ పరీక్షకు ఎంత వెయిటేజీ, ఎక్కడ రౌండ్ చేస్తాం, ఆబ్సెంట్ అయితే ఏం చేస్తాం అన్నది అరపేజీలో రాసి హెడ్మాస్టర్ సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టండి. మధ్యలో మార్చకండి. హాఫ్ ఇయర్లీ అయ్యాక వెయిటేజీ మారిస్తే, పాత లెక్క నమ్ముకుని చదివిన పిల్లల కింద నేల కదిలించినట్టే. రిజిస్టరులో అసలు మార్కుల కాలమ్స్ ఎప్పుడూ చెరపకండి, వందకు మార్చినవి వాటి పక్కనే ఉండనివ్వండి. ప్రోగ్రెస్ కార్డులో 45 అని ఒక్కటే రాయకుండా 9/20 అని కూడా రాయండి. ఆ తండ్రికి లెక్క రాకపోయినా, పక్కింటి డిగ్రీ కుర్రాడు చూసి సరిచూడగలడు.

మీ పాత షీటు ఏం చేస్తోందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఏ పిల్ల వరుసనైనా కాపీ చేసి, స్లిప్ టెస్టులో ఒక్క మార్కు పెంచి, చివర రౌండ్ చేయకముందు ఫైనల్ ఎంత కదిలిందో చూడండి. దాన్ని మళ్లీ పాత అంకెకు తెచ్చి, యాన్యువల్‌లో ఒక్క మార్కు పెంచి చూడండి. మొదటిది 1.25, రెండోది 0.31 కదిలితే మీ షీటు వందకు మార్చి సగటు కడుతోంది. రెండూ 0.57 చొప్పున కదిలితే ఉన్నవి ఉన్నట్టు కూడుతోంది. అసలు కదలకపోతే మధ్యలో ఎక్కడో రౌండ్ చేస్తోంది, లేదా ఎవరో ఫార్ములా చెరిపి చేత్తో అంకె కొట్టారు. అలాంటి షీటుతో ఈ ఏడాది కార్డులు ప్రింట్ చేయకండి.

ఈసారి హాఫ్ ఇయర్లీ పేపర్లు ఇచ్చే రోజే, ప్రతి పిల్లకూ పేపరు మీద ఒక మూల 35కి, 60కి, 75కి యాన్యువల్‌లో ఎన్నెన్ని కావాలో మూడు అంకెలు రాసి ఇవ్వమని కోరుతున్నాను. పై ఫార్ములాలో 60 ఉన్న చోట ఆ అంకెలు మారిస్తే క్లాసు మొత్తానికి ఒకేసారి వచ్చేస్తాయి.

ఇట్లు,
ఒక హైస్కూల్ గణిత ఉపాధ్యాయిని